యశు చెంబు

గోడమేకుకు వేలాడుతున్న పచ్చసంచిని తులసి ఆ పొద్దున ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అత్త పోలమ్మ తెల్లవారగానే యశు గౌన్లు నాలుగు మడతలు పెట్టి అందులో సర్దింది. మేకుకు తగిలించాక అన్నది.

"ఆదివారం నీ ఆడబిడ్డ చెంచులక్ష్మి వస్తది. పిల్లను పుల్లలచెరువు తీసకపోతది. నీకు కాన్పయి, కుట్లు ఆరి, మళ్లా బిడ్డను ఎత్తుకునేదాకా ఆడనే ఉంటది."

"ఎన్నాళ్లు అత్తా?"

"మూన్నెల్లు. కాకపోతే నాలుగు. దానికేంది, ఆడ మేకపిల్లలున్నయ్, ఆడుకుంటది."

తులసికి తొమ్మిదో నెల వచ్చింది. యశు ఆపరేషన్‌తో పుట్టింది, ఇదీ ఆపరేషనే అని డాక్టరమ్మ ముందే చెప్పింది, మూడు వారాల్లో రోజు కూడా ఇచ్చింది. యశుకు ఇంకా మూడేళ్లు నిండలేదు. తమ్ముడో చెల్లెలో వచ్చేనాటికి తాను వేరే ఊళ్లో, వేరే మంచం మీద పడుకుని ఉంటుందని దానికి తెలియదు.

తులసికి తెలుసు. తమ్ముడు పుట్టినప్పుడు తననూ ఇట్లాగే హనుమంతునిపాడులో అమ్మమ్మ దగ్గర వదిలారు. నెల అన్నారు, మూడేళ్లయింది. తిరిగి వచ్చిన రోజు గుమ్మంలో నిలబడ్డ కన్నతల్లిని చూసి తులసి "పిన్నీ" అని పిలిచింది. ఇంట్లో అందరూ నవ్వారు. ఆ నవ్వు ఈ రోజుకీ ఆమెకు వినబడుతూనే ఉంటుంది. పిలుపు తర్వాత మారింది గానీ, అమ్మ ఒడిలో తల పెట్టడం మాత్రం మళ్లీ రాలేదు.

"అత్తా, ఎందుకు పంపాలి? నువ్వున్నావు గదా."

"ఉన్నా. పగలు వంద పనులు చేస్తా. రాత్రి దాన్ని పడుకోబెట్టడం నా వల్ల గాదమ్మాయ్. ఎనిమిదింటికి మొదలుపెడితే పదిన్నర. నీళ్లంటది, గట్టిగ పట్టుకోమంటది, మళ్లా నీళ్లంటది. నీ మొగుడా, పలకల ఫ్యాక్టరీలో దుమ్ము తిని వచ్చి పడిపోతడు. నా మోకాళ్లు ఎన్నిసార్లు లేస్తయ్?"

అబద్ధం కాదు. మార్కాపురంలో వీళ్లున్నది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో పోలమ్మ మడతమంచం, లోపలిగదిలో తులసి, యశు. తులసి భర్త బ్రహ్మం ఎండాకాలమంతా మిద్దె మీద. రాత్రి లోపలిగదిలో యశు "నీళ్లు" అంటే ముందుగదిలో మంచం కిర్రుమంటుంది. తులసి లేచేలోపే పోలమ్మ చెంబుతో తెర పక్కకు తోసి నిలబడుతుంది. రెండు గుక్కలు తాగి యశు పడుకుంటుంది. అయిదు నిమిషాలకు మళ్లీ లేస్తుంది.

"ఆదివారానికి అది మాట విని పడుకుంటే?" అంది తులసి.

పోలమ్మ కోడలి ముఖంలోకి చూసింది. "పడుకుంటే నేనెందుకు పంపుతా? దాన్ని చూడకుండా నాకు మాత్రం పొద్దు పోతదా?"

ఆ రోజు సోమవారం. ఆరు రాత్రులు ఉన్నాయి.

*

ఆ రోజే నెలవారీ పరీక్షకు ఆసుపత్రికి వెళ్తూ తులసి యశును కూడా వెంట తీసుకెళ్లింది. నర్సు హన్నా బీపీ చూస్తుంటే మెల్లగా అడిగింది.

"సిస్టరమ్మా, మా పిల్ల రాత్రి పది సార్లు నీళ్లడుగుతది. పక్కింటి వెంకాయమ్మ చక్కెర జబ్బేమో చూపించమన్నది."

హన్నా నవ్వలేదు. బీపీ పట్టీ విప్పి యశును దగ్గరకు తీసుకుంది. "పగలు కూడా ఇట్లనే తాగుతదా? పాసు మాటిమాటికి పోతదా? చిక్కిపోయిందా?"

"లేదు. పగలు ఆటలో పడితే నేనే పిలిచి తాగించాలి."

అయినా హన్నా యశు వేలికి సూది గుచ్చి రక్తం చుక్క మిషన్‌లో పెట్టింది. యశు ఏడ్చింది. అంకె చూసి హన్నా, "చక్కెర లేదు, ఏం లేదు. బాగుంది" అంది. తులసికి ఊపిరి వచ్చింది. వెంటనే వేరే భయం పట్టుకుంది. జబ్బు కాకపోతే తప్పు తనదే.

"మధ్యాహ్నం ఎప్పుడు నిద్ర లేస్తది?"

"అయిదు, అయిదున్నరకు. వాళ్లవ్వ పక్కన పడుకుంటది."

"మూడింటికి లేపు. అయిదున్నరకు లేచిన పిల్లకు ఎనిమిదింటికి నిద్రెట్ల వస్తది? ఇంక రాత్రి, రోజూ ఒకటే వరస పెట్టు. అన్నం, కాళ్లు చేతులు కడగడం, పళ్లు, పాసు, నీళ్లు, ఒక కథ, గట్టిగ పట్టుకోవడం, లైటు. ఏ దుప్పటి కావాలో, ఏ కథ కావాలో దాన్నే చెప్పనీ. లైటు తీసినాక మాత్రం నువ్వు ఒకటే మాట చెప్పు. ఏడిస్తే దగ్గరే ఉండు, వీపు నిమురు. లేచి వస్తే చెయ్యి పట్టుకొని తీసకపోయి పడుకోబెట్టు. కసరొద్దు, బతిమాలొద్దు. అదే మాట, అదే గొంతు."

"ఏడిస్తే?"

"ఏడుస్తది. రెండో రాత్రో మూడో రాత్రో ఇంకా ఎక్కువ ఏడుస్తది. ఇంతకుముందు ఏడిస్తే పనయింది గదా, ఇంకొంచెం ఏడిస్తే అయితదేమోనని చూస్తది. నువ్వు తొమ్మిది సార్లు కాదని పదోసారి ఇచ్చినావనుకో, పది సార్లు అడగాలని నేర్పినట్టే. జొరమొచ్చినా వాంతులయినా అది వేరే సంగతి, అప్పుడు ఈ లెక్కలేం పెట్టుకోబాక."

తులసి చదువు పదో తరగతి మధ్యలో ఆగింది. అయినా ఏదైనా మనసుకు పట్టాలంటే రాసుకోవాల్సిందే. ఇంటికి వచ్చి పాత నోటుబుక్కు చివరి పేజీలో రాసింది. వరస రాసింది, మాట రాసింది. పడుకునే వేళయింది, అమ్మ ఇక్కడే ఉంది, పడుకో. అంతే. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ వాడకూడదని కింద గీత గీసింది.

*

మొదటి రాత్రి యశు ఆరు సార్లు అడిగింది. నాలుగు సార్లు తులసి తన మాట తాను చెప్పింది. రెండు సార్లు తెర కదిలింది, చెంబు వచ్చింది. రెండో రాత్రి పడుకునేముందే తులసి అత్తకు అంతా వివరంగా చెప్పింది. పోలమ్మ వక్క కొరుకుతూ విని, సరే అంది. లైటు తీసిన అరగంటకు యశు "నీళ్లూ" అని సాగదీయగానే మంచం కిర్రుమంది.

"అత్తా, ఇప్పుడే గదా చెప్పినాను."

"రెండు గుక్కలే అమ్మాయ్. ఎండాకాలం."

"గ్లాసు నిండా తాగి పడుకుంది."

"తాగిందిలే. మళ్లా దాహమైతే?"

నిజంగా దాహమైతే? మార్కాపురం ఏప్రిల్, మిద్దె కప్పు నుంచి రాత్రి పదింటికి కూడా వేడి దిగుతుంటుంది. తన నాలుక తడారినప్పుడల్లా ఆమెకు పిల్ల గొంతు గుర్తొచ్చేది. హన్నా మాట ఒకవైపు, ఆ ప్రశ్న ఒకవైపు, మధ్యలో మేకు మీద సంచి.

మూడో రాత్రి వచ్చింది.

మధ్యాహ్నం యశును మూడింటికే లేపింది. ఎనిమిదింటికల్లా దాని కళ్లు మూతలు పడుతున్నాయి. నీలం దుప్పటి అదే ఎంచుకుంది. కుందేలు కథ అడిగింది. గట్టిగా పట్టుకోమంది, తులసి పొట్ట అడ్డం వస్తున్నా పక్కకు ఒత్తిగిలి పట్టుకుంది. లైటు తీసింది. రెండు నిమిషాలు ఏ చప్పుడూ లేదు. తులసికి ఆశ పుట్టింది.

"అమ్మా, నీళ్లు."

"పడుకునే వేళయింది. అమ్మ ఇక్కడే ఉంది. పడుకో."

"గట్టిగ పట్టుకో."

తులసి వీపు మీద చెయ్యి వేసింది. "పడుకునే వేళయింది. అమ్మ ఇక్కడే ఉంది. పడుకో."

"కాదు, ఇట్ల కాదు. నీళ్లు తాగి పట్టుకో."

మళ్లీ అదే మాట. యశు లేచి తెర దగ్గరకు పరిగెత్తింది. తులసి నడుం పట్టుకుని లేచి, చెయ్యి పట్టుకుని తెచ్చి పడుకోబెట్టింది. మళ్లీ లేచింది. మళ్లీ తెచ్చింది. అయిదోసారికి యశు నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపులో "నీళ్లు" ఒక్కటే వినబడుతోంది. గోడ అవతల వెంకాయమ్మ ఇంట్లో టీవీ ఆగిపోయింది.

మెట్ల మీద నుంచి బ్రహ్మం గొంతు వచ్చింది. "ఏందది, పిల్ల అట్ల ఏడుస్తుంటే? ఇచ్చేయ్ రాదూ, ఒక గుటక నీళ్లకు ఇంత గొడవేంది?"

"నువ్వు పడుకో," అంది తులసి. పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. అదే మాట చెప్పింది. లోపలి బిడ్డ కూడా తన్నుతోంది.

తెర పక్కకు జరిగింది. పోలమ్మ చెంబు పట్టుకుని నిలబడింది. చీకట్లో ముఖం కనబడలేదు, చెంబు అంచు మీద వీధిదీపం వెలుగు మాత్రం మెరుస్తోంది.

"వద్దత్తా."

"జరుగు."

"ఈ ఒక్క రాత్రి వద్దు. నీకు దండం పెడతా."

"పిల్ల నీళ్లో అని ఏడుస్తుంటే కూసోని చూసే తల్లివి నువ్వేనమ్మాయ్. జరుగు."

యశు ఏడుపు ఆపి ఇద్దరినీ చూస్తోంది. తులసి లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. గడపకు అడ్డంగా నిలబడి అత్త చేతిలోని చెంబును రెండు చేతులా పట్టుకుంది. పోలమ్మ వదల్లేదు. చెంబు ఒకటే, చేతులు నాలుగు. నీళ్లు ఇద్దరి చీరల మీదా ఒలికాయి. అప్పుడు పోలమ్మ ఒక్కసారిగా వదిలేసింది. వెనక్కి తిరిగి, వీధి తలుపు తీసుకుని బయట అరుగు మీద కూర్చుంది.

అత్త చేతిలోది లాక్కున్న కోడలు. రేపు వీధిలో ఈ మాట ఎట్లా తిరుగుతుందో తులసికి తెలుసు. ఖాళీ చెంబు కింద పెట్టి, యశు పక్కన పడుకుంది. యశు ఇంకో పది నిమిషాలు వెక్కి, మధ్యలో రెండు సార్లు అడిగి, అదే మాట విని, నిద్రపోయింది. పోలమ్మ ఎప్పుడు లోపలికి వచ్చిందో తులసికి తెలియదు.

*

తెల్లవారి పోలమ్మ టీ పెట్టలేదు. నీళ్ల ట్యాంకరు వచ్చినా బిందెలు తీయలేదు. తులసి తానే బిందె ఎత్తబోతే మాత్రం వచ్చి లాక్కుంది.

"ఎత్తబాక. నెలలు నిండినదానివి."

డ్రమ్ములు నింపాక ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. తులసి అంది, "అత్తా, రాత్రి నేను చేసింది తప్పే. కానీ పిల్లను పంపితే నేను బతకలేను."

పోలమ్మ తడిసిన కొంగు పిండుకుంది.

"నీకు తెల్వదు," అంది. "బ్రహ్మం అప్పటికి చంటోడు. వానల్లేవు. ఊళ్లో బోరు ఎండింది. అడివి దిక్కు రెండు కోసుల దూరం పోయి తెచ్చేదాన్ని, రోజుకు రెండు బిందెలు. ఒకటి మేకలకు, ఒకటి మాకు. రాత్రి అందరికీ తలా గ్లాసు పోసి బిందె మీద పళ్లెం మూసి రాయి పెట్టేదాన్ని. ఒకనాడు రాత్రి చప్పుడైంది. లేచి చూస్తే చెంచులక్ష్మి. నాలుగేండ్లది. రాయి తీసి, దొంగతనంగా తాగుతాంది."

"ఏం చేసినావు?"

"కొట్టినా. చెయ్యి ఆగలా. గ్లాసు ఎక్కువ తాగినందుకు కన్నబిడ్డను కొట్టినా. అది ఏడవలా అమ్మాయ్. మూతి తుడుచుకొని పోయి పడుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను నీళ్లు అడగలా. ఇప్పటికీ మనింటికి వస్తే తానే పోయి ముంచుకుంటది, చూసినావా?"

తులసి చూసింది. ఆడబిడ్డది మొహమాటం అనుకుంది ఇన్నాళ్లూ.

"ఇంక యే పిల్లన్నా నీళ్లంటే నా కాళ్లు వాటంతట అవే లేస్తయ్. నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. కాళ్లకు కాలా."

తులసి లోపలికి వెళ్లింది. అటక మీద యశు పుట్టినప్పుడు అమ్మావాళ్లు పెట్టిన చిన్న ఇత్తడి చెంబు ఉంది. సగం గ్లాసు నీళ్లు పడతాయి. చింతపండు వేసి తోమి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"అత్తా, ఈ రోజు నుంచి దీంట్లో నువ్వే నీళ్లు పోసి దాని తలగడ పక్కన పెట్టు. లైటు తీయకముందే. ఇది నీదే, రాత్రంతా నీదే అని చెప్పు. కావాలంటే అదే తీసుకొని తాగుతది. ఇంక దాహంతో ఉందేమోనని నువ్వూ నేనూ భయపడే పని లేదు. మనం తెచ్చియ్యము, అంతే."

"పక్క తడుపుతదేమో."

"తడిపితే ఉతుకుదాం. ట్యాంకరు వస్తాంది గదా."

పోలమ్మ చెంబును అటూ ఇటూ తిప్పి చూసింది. "అయిపోతే? మళ్లా పోయాల్నా?"

"వద్దు. అదంతా తాగితే పొద్దునదాకా దాహం కాదు."

"నేను లేస్తానేమోనమ్మాయ్."

"లేస్తే మంచం పట్టె పట్టుకో. నేను అట్లనే పట్టుకుంటాన్నా మూడు రాత్రుల నుంచి."

*

గురువారం రాత్రి పోలమ్మ చెంబు పెట్టింది. యశు గంటలో చెంబు మూడుసార్లు ఎత్తి తాగి, ఖాళీ చేసి, "అవ్వా, అయిపోయినయ్" అని పిలిచింది. మంచం కిర్రుమంది. తులసి చీకట్లో తెరకేసి చూసింది. మంచం మళ్లీ కిర్రుమంది, ఈసారి వెనక్కి వాలిన చప్పుడు. తెర కదల్లేదు. తెర అవతల నుంచి గొంతు మాత్రం వచ్చింది, బొంగురుగా.

"పడుకునే వేళయింది తల్లీ. అమ్మ ఆడనే ఉంది. పడుకో."

యశు ఆశ్చర్యపోయినట్టుంది. అవ్వ కూడా అదే మాట అంటుందని అది అనుకోలేదు. తర్వాత ఏడ్చింది గానీ, నిన్నటంత కాదు. ఎవరో ఒకరు లొంగుతారన్న ఏడుపు కాదది, అలిసిన ఏడుపు.

తెల్లవారి పక్క తడిసి ఉంది. ఇద్దరూ కలిసి ఉతికారు.

శుక్రవారం రెండే సార్లు. శనివారం మళ్లీ నాలుగు సార్లు. ఆ పూట బ్రహ్మం మిద్దె దిగి వచ్చాడు. తులసి తల ఎత్తి చూసింది. అతను గడపలోనే నిలబడి, కొంచెం సిగ్గుపడుతూ, "పడుకునే వేళయింది, నాయన పైన ఉన్నాడు, పడుకో" అని వెళ్లిపోయాడు. మాట కొంచెం మార్చాడు. అయినా తులసికి ఆ మాట చాలు.

*

ఆదివారం సాయంత్రం బస్సుకు చెంచులక్ష్మి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, మాట తక్కువ. రాగానే లోపలికి వెళ్లి తానే నీళ్లు ముంచుకుని తాగింది. పోలమ్మ అది చూసి తల తిప్పుకుంది. చెంచులక్ష్మి మేకు మీది సంచి దించి, గౌన్లు లెక్క చూసి, మళ్లీ తగిలించింది.

"పొద్దున ఎనిమిదింటి బస్సుకు పోతా. ఎండ ముదిరితే పిల్ల తట్టుకోదు."

"రేపటి సంగతి రేపు చూద్దాం వదినా," అంది తులసి.

"ఇందులో చూసేదేంది? అమ్మ చెప్పింది గదా, రాత్రిపూట పట్టడం కష్టమని."

కొత్త మనిషి వచ్చిన ఉత్సాహంలో యశు ఇల్లంతా ఎగిరింది. తులసి గడియారం చూస్తూ వరస మొదలుపెట్టింది. ఒక్కటి కూడా తప్పించలేదు, ఒక్కటి కూడా ఎక్కువ చేయలేదు. చివర పోలమ్మ చెంబు తెచ్చి తలగడ పక్కన పెట్టింది.

"ఇది ఎవరిది?"

"నాది."

"ఎందాక?"

"పొద్దునదాక."

ముందుగదిలో చాప మీద పడుకున్న చెంచులక్ష్మి తల ఎత్తి చూసి, మళ్లీ దించింది.

లైటు తీశారు. పావుగంటకు యశు లేచి కూర్చుంది. "అమ్మా, చెంచులక్ష్మత్తను చూసొస్తా."

"పడుకునే వేళయింది. అమ్మ ఇక్కడే ఉంది. పడుకో."

"అత్తకు ముద్దు పెట్టొస్తా."

అదే మాట. యశు మంచం దిగింది. తెరదాకా నడిచింది. తులసి లేవబోయింది. అంతలో యశు ఆగింది. ఆ చీకట్లో తెరకు ఇటూ అటూ ముగ్గురు పెద్దవాళ్లు మెలకువగా ఉన్నారు, ఎవరూ పిలవలేదు, ఎవరూ కసరలేదు. యశు కాసేపు నిలబడి, తానే తిరిగి వచ్చి మంచమెక్కింది. చెంబు ఎత్తిన చప్పుడు. ఒక గుటక. చెంబు దించిన చప్పుడు. దుప్పటి లాక్కున్న చప్పుడు. "గట్టిగ పట్టుకో" అనలేదు. వెనక్కి జరిగి తులసి పొట్టకు వీపు ఆనించుకుంది, అంతే.

తులసి కదల్లేదు. ఊపిరి లెక్కపెట్టింది. ఇరవై దాటాక పిల్ల ఊపిరి బరువెక్కింది.

ముందుగది నుంచి చెంచులక్ష్మి గొంతు వినబడింది, నిద్రమత్తు లేని గొంతు.

"అమ్మా."

"ఏంది?"

"నా చాప కాడ కూడా ఒక చెంబు పెట్టు."

మంచం కిర్రుమంది. పోలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. బిందె మీది పళ్లెం తీసిన చప్పుడు, ముంచిన చప్పుడు. ఆమె ఏమైనా అన్నదేమో తులసికి వినబడలేదు. చెంచులక్ష్మి తాగడం మాత్రం వినబడింది. నిదానంగా, ఆపకుండా, చివరిదాకా తాగింది.

"ఇంకా కావాల్నా?"

"చాల్లే. పడుకో."

పొద్దున తులసి లేచేసరికి చెంచులక్ష్మి తల దువ్వుకుని సిద్ధంగా ఉంది. యశు ఇంకా నిద్రలోనే ఉంది. మేకు మీద సంచి లేదు. తులసి గబగబా ముందుగదిలోకి వచ్చింది. సంచి చెంచులక్ష్మి భుజాన ఉంది, పల్చగా. నాలుగు గౌన్లూ మంచం మీద మడత చెదరకుండా ఉన్నాయి.

"మార్కెట్టులో మేకలకు మందు కొనాల, సంచి కావాల్సొచ్చింది," అంది చెంచులక్ష్మి. "నీ ఆపరేషన్ రోజు చెప్పు తులసీ. ముందురోజే వస్తా. ఆ మాటేందో సరిగ్గా చెప్పు, నేర్చుకొని పోతా. నేను తప్పు చెప్తే మళ్లా పిల్ల మొదటికొస్తది."

తులసి నోటుబుక్కు చివరి పేజీ చింపి ఆమె చేతిలో పెట్టింది.